బ్యాంకు వాల్యుయేషన్ రిపోర్టు అడుగుతూ మెయిల్ ఎలా రాయాలి

"మామయ్యా, లోన్ శాంక్షన్ అయింది. కానీ యాభై రెండే ఇస్తారట" అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు అడిగింది 57 లక్షలు. ప్రగతినగర్‌లో పదకొండేళ్ళ పాత ఫ్లాటు, 72 లక్షలకు అగ్రిమెంటు, 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాడు. రిజిస్ట్రేషన్‌కి అరవై రోజుల గడువు పెట్టుకుంటే అందులో సగం అప్పటికే అయిపోయింది. ఎందుకు తగ్గించారని అడిగితే బ్రాంచిలో ఒక్క మాట చెప్పారు: "టెక్నికల్‌లో వాల్యూ తక్కువ వచ్చింది సార్."

నేను పదమూడేళ్ళు బ్యాంకులో లోన్ సెక్షన్‌లో పనిచేశాను. ఈ మాట విని ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళను ఎందరినో చూశాను. బంగారం కుదువపెట్టి, చిట్టీ పాడుకుని ఆ తేడా పూడ్చుకుంటారు తప్ప, ఆ వాల్యూ ఎలా వచ్చిందో కాగితం మీద చూపించమని అడగరు. అడిగినవాళ్ళు కూడా "సార్ ప్లీజ్ సెండ్ వాల్యుయేషన్ రిపోర్ట్" అని ఒక్క లైను పంపుతారు. రోజుకి నలభై ఫైళ్ళు చూసే ఆఫీసరు అలాంటి మెయిల్‌కి ఏం జవాబివ్వాలో తెలియక పక్కన పెట్టేస్తాడు. జవాబు రాబట్టే మెయిల్ ఎలా ఉండాలో, మా వాడి చేత రాయించిన మెయిళ్ళతోనే వరసగా చెబుతాను.

మొదట: ఆ రిపోర్టు ఎవరిదో తెలుసుకోండి

హోమ్ లోన్ ఫైలు రెండు చేతుల మీదుగా వెళ్తుంది. లాయరు కాగితాలు చూసి ఇచ్చేది లీగల్ ఒపీనియన్. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యుయేటరు ఇంటికి వచ్చి కొలిచి, ఫోటోలు తీసి ఇచ్చేది వాల్యుయేషన్ రిపోర్టు. దీన్నే చాలా బ్యాంకుల్లో "టెక్నికల్" అంటారు. మెయిల్‌లో "వాల్యుయేషన్", "టెక్నికల్" అన్న రెండు మాటలూ రాయండి. "వాల్యుయేషన్" అని మాత్రమే రాస్తే కొన్ని చోట్ల అవతలివాళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్ గురించి అనుకుంటారు. మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ శాఖ గజానికో, అడుగుకో కట్టిన ప్రభుత్వ ధరని కూడా "మార్కెట్ వాల్యూ" అనే అంటారు కదా. స్టాంపు డ్యూటీ లెక్కకి పనికొచ్చే ఆ ధర వేరు, వాల్యుయేటరు చుట్టుపక్కల అమ్మకాలు చూసి వేసే ధర వేరు.

రిపోర్టుకి ఫీజు మీ దగ్గరే వసూలు చేసినా, దాన్ని చేయించుకున్నది బ్యాంకు. బ్యాంకు పేరు మీదే తయారవుతుంది, బ్యాంకు నిర్ణయం కోసమే ఉంటుంది. కాబట్టి అడిగిన ప్రతివాళ్ళకీ కాపీ ఇచ్చి తీరాలని లేదు. కొన్ని బ్యాంకులు అడగ్గానే పీడీఎఫ్ పంపుతాయి, కొన్ని బ్రాంచికి వచ్చి చూసుకోమంటాయి, కొన్ని ఇవ్వమని చెబుతాయి. అందుకే ఈ మెయిల్‌ని హక్కు కోసం పోరాటంలా రాయకూడదు. ఇవ్వడం అవతలివాళ్ళకి తేలిక అయ్యేలా రాయాలి.

ఇంకో సంగతి. ఈ రిపోర్టు తీసుకెళ్ళి వేరే బ్యాంకులో లోన్ తెచ్చుకుందామనుకుంటే కుదరదు. ఆ బ్యాంకు మళ్ళీ తన ప్యానెల్ వాల్యుయేటరునే పంపుతుంది. 2001కి ముందు కొన్న పాత ఆస్తి అమ్మినప్పుడు ఇన్‌కమ్ ట్యాక్సు కోసం వేయించే వాల్యుయేషన్ కూడా ఇది కాదు. దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర విడిగా చేయించుకోవాలి. కాపీ మీకు నిజంగా పనికొచ్చేది ఇప్పుడు, ఈ లోన్ మొత్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోడానికే.

మెయిల్‌కి ముందు ఒక భాగహారం

తగ్గింది వాల్యూ వల్లేనా, మీ జీతం లెక్క వల్లా? ఇది తేలకుండా మెయిల్ పంపితే శ్రమ వృథా. శాంక్షన్ లెటర్ తీసి ఎంత ఇస్తామన్నారో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోన్ అయితే ఆస్తి విలువలో 90 శాతం, 30 దాటి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంతకంటే తక్కువ ఇవ్వడం బ్యాంకు ఇష్టం. ఆస్తి విలువ అంటే అగ్రిమెంటు ధర, వాల్యుయేటరు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

మా వాడికి 80 శాతం స్లాబు వర్తిస్తుంది. 52 లక్షలని 0.80తో భాగిస్తే 65 లక్షలు వచ్చింది. అగ్రిమెంటు 72. అంటే రిపోర్టులో ఎక్కడో 65 అనే అంకె కూర్చుని ఉందన్నమాట. ఇలా భాగిస్తే సరిగ్గా రౌండు అంకె వచ్చిందంటే చాలావరకు కోత వాల్యుయేషన్‌లోనే పడింది. అంకె ఎటూ పొంతన లేకుండా వస్తే, ముందు మీ ఈఎంఐ తాహతు ఎంత లెక్కగట్టారో అడగండి. అక్కడ జీతం స్లిప్పులో ఒక అలవెన్సు వదిలేసి ఉండొచ్చు, వాల్యుయేటరుకి దానితో సంబంధం లేదు.

ఈ అయిదు లక్షల తేడా మా వాడికి ఎంత బరువో చూడండి. 57 వస్తే చేతి నుంచి 15 పెట్టుకోవాలి. దానిమీద రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 5 లక్షల 40 వేలు. పది లక్షలకి మించిన ఇళ్ళకి ఈ ఖర్చుని బ్యాంకు ఆస్తి విలువలో కలపదు. మొత్తం 20 లక్షల 40 వేలు వాడు సర్దుకున్నాడు. లోన్ 52కి దిగగానే అది 25 లక్షల 40 వేలు అయి కూర్చుంది.

ఎవరికి, ఏ అడ్రసు నుంచి

లోన్ పెట్టుకున్నప్పుడు ఫారంలో ఇచ్చిన మెయిల్ ఐడీ నుంచే పంపండి. ఆఫీసు ఐడీ నుంచో, బావమరిది ఐడీ నుంచో పంపితే ఖాతాదారుడి వివరాలు బయటికి పంపలేమని సరిగ్గానే చెబుతారు. ఉమ్మడి లోన్ అయితే కో-అప్లికెంటుని సీసీలో పెట్టండి.

పంపాల్సింది బ్రాంచి మేనేజరుకి. ఫైలు సెంట్రల్ ప్రాసెసింగ్ సెంటర్‌లో నడుస్తుంటే ఆ సెంటరు ఐడీకి కూడా పంపాలి. శాంక్షన్ లెటర్ అడుగున సాధారణంగా ఆ ఐడీ ఉంటుంది. మీకు లోన్ కుదిర్చిన ఏజెంటుకి పెట్టిన వాట్సాప్ మెసేజి బ్యాంకుకి చేరినట్టు కాదు. వాడు మంచివాడే కావచ్చు, కానీ ఫైలు మీద వాడి పెత్తనం ఏమీ ఉండదు.

వాల్యుయేటరుకి మాత్రం నేరుగా ఫోన్ చేయకండి. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన నంబరు మీ దగ్గర ఉండిపోయి ఉంటుంది. కాస్త ఎక్కువ వేయమని మీరు అడిగారని ఆయన బ్యాంకుకి ఒక మాట చెప్పాడంటే, తరవాత మీరు చూపించే అసలు తప్పుని కూడా అనుమానంగానే చూస్తారు. ఏం అడిగినా బ్యాంకు ద్వారానే.

భాష సంగతి: బ్రాంచిలో తెలుగు చదివేవాళ్ళుంటే తెలుగులోనే రాయండి, మొహమాటం అక్కర్లేదు. ప్రాసెసింగ్ సెంటరు వేరే రాష్ట్రంలో ఉంటే ఇదే వరసలో ఇంగ్లీషులో రాసి పంపండి. ఏది ముందు, ఏది తరవాత అన్నదే ముఖ్యం.

మొదటి మెయిల్

మా వాడి చేత పంపించింది ఇది. ఖాళీలు మీవి మీరు నింపుకోండి.

> సబ్జెక్టు: హోమ్ లోన్ అప్లికేషన్ నం. ______ – వాల్యుయేషన్ (టెక్నికల్) రిపోర్టు కాపీ కోసం
>
> బ్రాంచి మేనేజర్ గారికి నమస్కారం.
>
> పై నంబరు హోమ్ లోన్‌కి నేను అప్లికెంటుని, నా భార్య కో-అప్లికెంటు. ఆస్తి: ప్రగతినగర్, ______ అపార్ట్‌మెంట్స్, ఫ్లాట్ నం. ____. అగ్రిమెంటు ధర 72 లక్షలు. మేము 57 లక్షలకి అప్లై చేయగా, ____ తేదీ శాంక్షన్ లెటర్‌లో 52 లక్షలు మంజూరు చేశారు. వాల్యుయేషన్ తక్కువ రావడమే కారణమని బ్రాంచిలో తెలిపారు.
>
> వాల్యుయేషన్ ఫీజు రూ. 2,950 ____ తేదీన నా ఖాతా నుంచి చెల్లించాను. ఆ రిపోర్టు కాపీ ఈ మెయిల్ ఐడీకి పంపవలసిందిగా కోరుతున్నాను. రిపోర్టులో రాసిన ఫ్లాటు వివరాలు, విస్తీర్ణం మా డాక్యుమెంట్లతో సరిపోయాయో లేదో చూసుకోవడానికే అడుగుతున్నాను. కాపీని ఇంకెక్కడా వాడను.
>
> అమ్మకందారుతో మా అగ్రిమెంటు గడువు ____ తేదీకి ముగుస్తుంది. కాబట్టి ____ తేదీలోగా తెలియజేస్తే మేలు. మెయిల్‌లో పంపడం వీలు కాకపోతే బ్రాంచికి వచ్చి చూసుకోవడానికి సమయం చెప్పగలరు.
>
> ఇట్లు,
> పేరు, ఫోన్ నంబరు

చిన్న మెయిలే, కానీ ప్రతి వాక్యానికీ పని ఉంది. అప్లికేషన్ నంబరు సబ్జెక్టులోనే ఉంటే ఆఫీసరు వెతుక్కోకుండా ఫైలు తెరుస్తాడు. ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు అన్న రెండు అంకెలు చూడగానే విషయం అర్థమైపోతుంది. ఫీజు కట్టిన తేదీ ఎందుకంటే, రిపోర్టు మీ లోన్ కోసం మీ డబ్బుతో అయిందని కాగితం మీద ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పడం అన్నిటికంటే ముఖ్యం. కారణం చెప్పకపోతే ఆఫీసరు మనసులో పడేది ఒకటే, "ఇది పట్టుకుని కోర్టుకో, కంప్లయింటుకో వెళ్తాడేమో" అని. గడువు తేదీ రాస్తే ఫైలు కదులుతుంది. చివరి వాక్యం, బ్రాంచికి వచ్చి చూసుకుంటామన్నది, "ఇవ్వం" అనబోయేవాళ్ళకి ఒక మధ్యేమార్గం.

రాయకూడనివి కూడా చెప్పాలి. ఆధార్ నంబరు, పాన్ నంబరు మెయిల్‌లో పెట్టకండి, అప్లికేషన్ నంబరుతోనే మీరెవరో తెలుస్తుంది. పక్క ఫ్లాటు ఎనభైకి పోయిందని ఇప్పుడే రాయకండి. రిపోర్టు చూడకుండా ధర మీద వాదన మొదలుపెడితే మీరు వాల్యూ పెంచమని అడుగుతున్నట్టే ఉంటుంది. అగ్రిమెంటులో లేని డబ్బు ఊసు అసలే వద్దు. బ్యాంకుకి తెలిసిన ధర రాతలో ఉన్న ధరే.

రెండు పని దినాలు చూడండి. జవాబు రాకపోతే మెయిల్ ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళ్ళి, ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ సీలు వేయించుకోండి. మెయిల్ చూడలేదన్న మాటకి ఆ సీలుతో చోటు ఉండదు.

"ఇంటర్నల్ డాక్యుమెంట్, ఇవ్వలేం" అంటే

మా వాడికి మూడో రోజు వచ్చిన జవాబు ఇదే. ఒకటిన్నర లైను. వాడు డీలా పడ్డాడు గానీ, నాకు అది అంత చెడ్డ జవాబు అనిపించలేదు. మెయిల్ చదివారు, ఫైలు తీశారు, రాతలో జవాబిచ్చారు.

ఇక్కడ మనకు ఎంత బలం ఉందో, ఎక్కడ లేదో సరిగ్గా తెలియాలి. లోన్ మొత్తం, వడ్డీ, ఛార్జీలు ఒకచోట చూపిస్తూ బ్యాంకు మీకిచ్చే కాగితం కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న దాని మీద ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, థర్డ్ పార్టీల తరఫున బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే ఛార్జీలని ఆ స్టేట్‌మెంటులో విడిగా చూపాలి, ప్రతి చెల్లింపుకీ రసీదు, సంబంధిత పత్రాలు తగిన సమయంలో ఇవ్వాలి. ఫీజు రసీదు అడగడానికి ఇది గట్టి ఆధారం. అయితే "సంబంధిత పత్రాలు" అంటే పూర్తి రిపోర్టు అని అందులో ఎక్కడా రాయలేదు. దాన్ని పట్టుకుని రిపోర్టు ఇచ్చి తీరాలని బెదిరిస్తే, అలా లేదని వాళ్ళు తేలిగ్గా చెప్పేస్తారు. లోన్ మొత్తంగా తిరస్కరించి ఉంటే మాత్రం ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు న్యాయమైన పద్ధతుల నియమావళిలోనే ఉంది. అలాంటప్పుడు మెయిల్‌లో ఆ మాట రాయండి.

మా వాడిది తిరస్కారం కాదు, కోత. కాబట్టి దారి మార్చాం. రిపోర్టు వద్దు, రిపోర్టులోని అయిదు వివరాలు చెప్పండి అని రెండో మెయిల్ పంపించాను.

> మీ జవాబుకి ధన్యవాదాలు. పూర్తి రిపోర్టు ఇవ్వడం వీలు కాదని అర్థమైంది. మా డాక్యుమెంట్లతో సరిచూసుకోవడానికి ఈ అయిదు వివరాలు మాత్రం తెలుపగలరు:
>
> 1. రిపోర్టులో తీసుకున్న ఫ్లాట్ నంబరు, అంతస్తు, విస్తీర్ణం
> 2. ఆ విస్తీర్ణం ఏ డాక్యుమెంటు నుంచి తీసుకున్నారు
> 3. చదరపు అడుగుకి వేసిన రేటు
> 4. రిపోర్టులోని విలువల్లో లోన్ లెక్కకి తీసుకున్నది ఏది
> 5. వాల్యుయేటరు పరిశీలించిన డాక్యుమెంట్ల జాబితా
>
> అలాగే వాల్యుయేషన్ ఫీజు రూ. 2,950కి రసీదు పంపగలరు.

రిపోర్టు బయటికి పంపాలంటే పైవాళ్ళని అడగాలేమో అన్న సందేహం ఆఫీసరుకి ఉంటుంది. అయిదు వివరాలకి ఆ సందేహం తక్కువ. ఫైలు తెరిచి చూసి టైపు చేసేస్తాడు. మీకు కావలసింది కూడా ఆ అయిదే. పది పేజీల రిపోర్టులో మిగతాది ఫోటోలు, హద్దులు, వాల్యుయేటరు డిక్లరేషన్లు.

నాలుగో ప్రశ్న గురించి ఒక మాట. రిపోర్టులో సాధారణంగా మూడు విలువలుంటాయి: మార్కెట్ విలువ, దానికంటే కాస్త తక్కువగా రియలైజబుల్ విలువ, హడావుడిగా అమ్మాల్సొస్తే వచ్చే డిస్ట్రెస్ విలువ. కొన్ని బ్యాంకులు మొదటి దాని మీద లోన్ లెక్కిస్తాయి, కొన్ని రెండోదాని మీద. వాల్యుయేటరు మీ ధరకి దగ్గరగానే వేసినా, బ్యాంకు రియలైజబుల్ విలువ తీసుకోవడం వల్ల లోన్ తగ్గి ఉండొచ్చు. అప్పుడు అది ఆ బ్యాంకు పాలసీ. ఎంత రాసినా మారదు, వేరే బ్యాంకు చూసుకోవడమే దారి. ముందే తెలిస్తే మీకు రెండు వారాలు మిగులుతాయి.

జవాబులో ఎక్కడ చూడాలి

మర్నాడు సాయంత్రానికి జవాబు వచ్చింది. విస్తీర్ణం 1,250 చదరపు అడుగులు. రేటు 5,200. మార్కెట్ విలువ 65 లక్షలు, లోన్ దాని మీదే. డాక్యుమెంట్ల జాబితాలో: అగ్రిమెంటు, సేల్ డీడ్ కాపీ (అసంపూర్తి), ఇంటి పన్ను రసీదు.

మా వాడి చూపు నేరుగా 5,200 మీదికి పోయింది. "అక్కడ 5,500కి తక్కువ లేదు మామయ్యా" అని మొదలుపెట్టాడు. నా కళ్ళు మాత్రం "అసంపూర్తి" అన్న మాట మీద ఆగిపోయాయి. సేల్ డీడ్ తెప్పించి చూశాం. చివరి పేజీల్లోని షెడ్యూలులో ఫ్లాటు విస్తీర్ణం, కామన్ ఏరియాతో కలిపి, 1,350 అడుగులు అని స్పష్టంగా ఉంది. బ్యాంకుకి అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్ తెరిచి చూస్తే ఆ షెడ్యూలు పేజీయే లేదు. జిరాక్సు షాపులో స్కాన్ చేసేటప్పుడు రెండు పేజీలు అంటుకుపోయి ఒకటిగా వెళ్ళాయి. షెడ్యూలు కనబడక వాల్యుయేటరు ఇంటి పన్ను రసీదులో ఉన్న 1,250 తీసుకున్నాడు. ఆయన చేసింది తప్పని కూడా అనలేం, చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి వేశాడు.

రేటు గురించి వాదించొద్దని వాడికి గట్టిగా చెప్పాను. రేటు వాల్యుయేటరు అంచనా. చుట్టుపక్కల అమ్మకాలు, బిల్డింగు వయసు, రోడ్డు వెడల్పు చూసి వేస్తాడు. ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగే ధరలు చూపించి దాన్ని మార్చడం దాదాపు అసాధ్యం. విస్తీర్ణం, ఫ్లాటు నంబరు, అంతస్తు, బిల్డింగు వయసు, ప్లాను అనుమతి, ఇవి అంచనాలు కావు. కాగితం మీద ఉంటాయి. కాగితం చూపిస్తే మారతాయి.

ఇండిపెండెంట్ ఇల్లయితే లెక్క వేరు. స్థలానికి గజం రేటు, కట్టడానికి ఖర్చు, అందులోంచి వయసుని బట్టి తరుగు. అక్కడ ఎక్కువగా దెబ్బ తినేది పైన వేసిన పెంట్‌హౌస్ దగ్గర. మంజూరైన ప్లానులో లేని అంతస్తుకి వాల్యుయేటరు సాధారణంగా విలువ కట్టడు. అది పొరపాటు కాదు కాబట్టి సరిదిద్దమని అడిగి లాభం లేదు. అలాగే అమ్మకందారు ధరలో ఉడ్‌వర్కు, ఏసీలు, సోఫాలు కలిపేసి ఉంటే ఆ మేరకు కూడా వాల్యూ అందదు.

సరిదిద్దమని అడిగే మెయిల్

> సార్, మీరు పంపిన వివరాలకి ధన్యవాదాలు. రిపోర్టులో విస్తీర్ణం 1,250 చ.అ. అని ఇంటి పన్ను రసీదు నుంచి తీసుకున్నట్టు గమనించాను. రిజిస్టరైన సేల్ డీడ్ (నం. ____) షెడ్యూలులో 1,350 చ.అ. అని ఉంది. మేము ముందు ఇచ్చిన స్కాన్ కాపీలో ఆ పేజీ రాలేదు. ఆ పొరపాటు మాదే. పూర్తి సేల్ డీడ్, మంజూరైన ప్లాను కాపీ జతచేస్తున్నాను. షెడ్యూలు పీడీఎఫ్‌లో ____వ పేజీలో ఉంది.
>
> వీటిని వాల్యుయేటరు గారికి పంపి, విస్తీర్ణం సరిచూసి, అవసరమైతే రివైజ్డ్ రిపోర్టు తెప్పించవలసిందిగా కోరుతున్నాను. రేటు గురించి నాకు అభ్యంతరం లేదు. మళ్ళీ సైటు చూడాలంటే ఏ రోజైనా తాళం తీసి చూపిస్తాము.

పేజీ నంబరు రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ముప్పై పేజీల పీడీఎఫ్‌లో ఆఫీసరు చేత షెడ్యూలు వెతికించకుండా చేసేది అదే. "పొరపాటు మాదే" అని ఒప్పుకోవడం కూడా కావాలనే. వాల్యుయేటరు తన రిపోర్టు తప్పని రాసుకోవాల్సిన అవసరం లేకుండా, కొత్త డాక్యుమెంటు వచ్చింది కాబట్టి మార్చానని రాసుకోవచ్చు. "రేటు గురించి అభ్యంతరం లేదు" అన్నది మీరు బేరానికి రాలేదని చెబుతుంది. సైటు మళ్ళీ చూడాలంటే కొన్ని బ్యాంకులు ఇంకోసారి ఫీజు అడుగుతాయి, ఎంతో ముందే రాతలో అడిగి తెలుసుకోండి.

లెక్క మీరే వేసి చూసుకోండి: 1,350 ఇంటు 5,200, అంటే 70 లక్షల 20 వేలు. అందులో 80 శాతం 56 లక్షల 16 వేలు. 57 రాదని మా వాడికి ఆ రోజే తెలుసు. కాబట్టి ఇంకో లక్ష చేతిలో పెట్టుకున్నాడు.

అసలు జవాబే రాకపోతే

సీలు వేయించినా వారం దాకా ఉలుకూ పలుకూ లేకపోతే, బ్యాంకు వెబ్‌సైటులో ఉండే ఫిర్యాదుల విభాగానికి అదే మెయిల్ ఫార్వర్డ్ చేసి, కంప్లయింటు నంబరు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in`లో పెట్టొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకి, `grids.nhbonline.org.in`లో. కానీ మీ అగ్రిమెంటు గడువు అన్నాళ్ళు ఆగదు. ఆ దారి ఫీజు రసీదు ఇవ్వకపోవడం, చెప్పని ఛార్జీ వేయడం లాంటివాటికి బాగా పనికొస్తుంది. వాల్యూ ఎక్కువ తక్కువల మీద మీ వైపు తీర్పు వస్తుందని అనుకోకండి, అది బ్యాంకు వ్యాపార నిర్ణయం కిందికి వెళ్ళిపోతుంది. అందుకే ఫిర్యాదు పెట్టిన రోజే అమ్మకందారుతో కూర్చుని గడువు పొడిగింపు ఒక కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సు పోకుండా కాపాడేది ఆ కాగితమే.

మా వాడికి అంతదాకా రాలేదు. మూడో మెయిల్ పంపిన ఆరు రోజులకి రివైజ్డ్ రిపోర్టు వచ్చిందని, 56 లక్షలు ఇస్తామని బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రమే రిజిస్ట్రేషన్ స్లాటు బుక్ చేస్తానన్నాడు. ఆగమన్నాను. ఫోన్లో చెప్పిన మాట మీద స్లాటు బుక్ చేస్తే, ఆ రోజుకి డీడీ పాత 52 లక్షలకే తయారై వచ్చే ప్రమాదం ఉంది. 56 అని రాసిన కొత్త శాంక్షన్ లెటర్ మెయిల్‌లో వచ్చాక, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటులో కూడా ఆ అంకె మారిందని చూసుకున్నాక, ఆ తరవాతి శుక్రవారానికి స్లాటు తీసుకున్నాడు.